మార్కాపురం గడియారంలో ఆ అరగంట: ఐదున్నర దగ్గర సాఫ్ట్‌వేర్ ఎందుకు తడబడుతుంది?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక అరగంట గురించే. ఎపిసోడ్ అరగంట ఉంటుందని కాదు, భయపడకండి! మన దేశం గడియారంలో ఉన్న అరగంట గురించి. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు పెట్టారు, వందేళ్లు దాటాక కూడా మీ ఫోన్లో ఉన్న యాప్‌లను ఎందుకు తికమక పెడుతోంది, అదీ ఇవాళ్టి కథ.

ముందు ఒక్క మాట సెట్ చేసుకుందాం. ప్రపంచం మొత్తానికి ఒక మూల సమయం ఉంది, దాన్ని యూటీసీ అంటారు. మామూలుగా లండన్‌లో ఉన్న గ్రీనిచ్ టైమ్ అనుకుంటే చాలు. దుబాయ్ దానికంటే నాలుగు గంటలు ముందు. సింగపూర్ ఎనిమిది గంటలు ముందు. మనం? ఐదున్నర గంటలు ముందు. ఆ "న్నర" దగ్గరే గొడవంతా.

మార్కాపురంలో అసలు టైమ్ ఎంత?

గడియారాన్ని పక్కన పెట్టి సూర్యుణ్ణి అడుగుదాం. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. మార్కాపురం గ్రీనిచ్‌కి తూర్పుగా దాదాపు 79.27 డిగ్రీల దగ్గర ఉంది. నాలుగుతో గుణిస్తే 317 నిమిషాలు, అంటే 5 గంటల 17 నిమిషాలు. గిద్దలూరు ఇంకొంచెం పడమరకి, 78.93 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ లెక్క వేస్తే 5 గంటల 16 నిమిషాలకు కొద్దిగా తక్కువ వస్తుంది.

కాబట్టి సూర్యుడి లెక్కలో మన ప్రాంతం టైమ్ ఐదుంపావు చిల్లర. ఐదున్నర కాదు. మీ ఫోన్ పన్నెండు చూపించినప్పుడు మార్కాపురంలో సూర్యుడు ఇంకా నడినెత్తికి రాడు. సగటున 12 గంటల 13 నిమిషాలకి వస్తాడు. గిద్దలూరులో ఇంకో నిమిషం ఆలస్యం.

రైళ్లు, టెలిగ్రాఫ్ రాకముందు ఇది సమస్యే కాదు. ఏ ఊరి పొద్దు ఆ ఊరిది. మన పెద్దవాళ్లకి గంట అనే ముక్క కూడా అవసరం లేదు, వాళ్ల లెక్క గడియల్లో. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకి 60 గడియలు. పంచాంగంలో ఇప్పటికీ ఆ లెక్క కనిపిస్తుంది. ఆ లెక్కలో ఐదున్నర గంటలంటే 13 గడియల 45 విగడియలు. అంటే రోజుని గంటలుగానే కోయాలని ప్రకృతి ఎక్కడా రాసిపెట్టలేదు. అది మనుషులు పెట్టుకున్న కోత.

మద్రాసు టైమ్ నుంచి ఐదున్నరకి

రైలు వచ్చాక ఊరికో టైమ్ అంటే కుదరదు. ఒకే పట్టా మీద రెండు రైళ్లు, డ్రైవర్లిద్దరి దగ్గర రెండు రకాల టైమ్ ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. అప్పుడు మద్రాసు అబ్జర్వేటరీ అక్కరకొచ్చింది. అక్కడి ఖగోళ శాస్త్రవేత్తలు నక్షత్రాలను చూసి టైమ్ కట్టేవాళ్లు. అది గ్రీనిచ్‌కి 5 గంటల 21 నిమిషాలు ముందు. బొంబాయి టైమ్ 4 గంటల 51 నిమిషాలు, కలకత్తా టైమ్ దాదాపు 5 గంటల 53 నిమిషాలు. మద్రాసు ఆ రెండింటికీ సుమారు మధ్యలో ఉంది. అందుకే దేశంలో రైల్వేలు మద్రాసు టైమ్‌ని పట్టుకున్నాయి.

అప్పట్లో మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం మీదుగా బెజవాడ వైపు మీటర్ గేజ్ లైను వేసిన కాలానికి రైల్వే గడియారం మద్రాసుదే. అంటే స్టేషన్ గడియారానికీ, మార్కాపురం పొద్దుకీ మధ్య తేడా నాలుగు నిమిషాలే. ఎవరికీ పెద్దగా తెలిసేది కాదు.

తర్వాత ప్రపంచం అంతా గ్రీనిచ్ నుంచి లెక్కపెట్టే పద్ధతికి మళ్లింది. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో గ్రీనిచ్‌ని సున్నా రేఖగా ఎంచుకున్నారు. 15 డిగ్రీలకి ఒక గంట చొప్పున లెక్క. 75 డిగ్రీల దగ్గర ఐదు గంటలు, 90 డిగ్రీల దగ్గర ఆరు గంటలు. మరి అప్పటి ఇండియా? కరాచీ 67 డిగ్రీల దగ్గర, అస్సాం కొస 96 దాటి. మధ్యలో గీత గీస్తే దాదాపు 82 దగ్గర పడుతుంది. ఐదుకీ ఆరుకీ దాదాపు నడుమ. దేశాన్ని రెండు ముక్కలు చేసి రెండు టైమ్‌లు పెట్టొచ్చు, లేదా ఒకే టైమ్ పెట్టి అరగంటని ఒప్పుకోవచ్చు. బ్రిటిష్ ప్రభుత్వం రెండోదాన్ని ఎంచుకుంది. 82.5 డిగ్రీల రేఖ, అంటే 330 నిమిషాలు, అంటే ఐదున్నర. 1906 జనవరి 1 నుంచి అదే ఇండియన్ స్టాండర్డ్ టైమ్.

అందరూ వెంటనే ఒప్పుకోలేదు. కలకత్తా తన సొంత టైమ్‌ని 1948 దాకా, బొంబాయి 1955 దాకా ఏదో ఒక రూపంలో పట్టుకునే ఉన్నాయి. కానీ మనకు అర్థం కావాల్సింది ఏంటంటే, ఆ అరగంట ఎవరో పొరపాటున పెట్టింది కాదు. ఒక పెద్ద దేశాన్ని ఒకే గడియారం కింద ఉంచడానికి కట్టిన ఖరీదు అది.

నేపాల్ ఇంకో అడుగు ముందుకేసింది. 1986లో ఐదున్నర వదిలేసి పావు తక్కువ ఆరుకి మారింది, +05:45. వాళ్ల రేఖ గౌరీశంకర్ శిఖరం దగ్గర, 86.25 డిగ్రీలు. నాలుగుతో గుణించండి, సరిగ్గా 345 నిమిషాలు. న్యూజిలాండ్‌కి చెందిన చాథమ్ దీవులు +12:45. మయన్మార్ +06:30, అఫ్ఘానిస్తాన్ +04:30, కెనడాలో న్యూఫౌండ్లాండ్ -03:30. మనం ఒంటరి వాళ్లమేం కాదు.

కోడ్‌లో అరగంట ఎక్కడ జారిపోతుంది?

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు వద్దాం. అమెరికాలో ప్రధాన భూభాగం అంతా, యూరప్ అంతా పూర్ణ గంటల టైమ్‌లే. అక్కడ కూర్చుని కోడ్ రాసేవాడికి టైమ్ తేడా అంటే -5, -8, +1 లాంటి నంబర్. అందుకే డేటాబేస్‌లో దానికి పూర్ణాంకం గడి ఒకటి పెట్టేస్తాడు. అందులో 5.5 పట్టదు. ఐదో, ఆరో అవ్వాల్సిందే.

జావాస్క్రిప్ట్‌లో చూద్దాం. మన ఫోన్ని తేడా ఎంత అని అడిగితే అది నిమిషాల్లో చెబుతుంది, అదీ గుర్తు తిరగేసి. ఇండియాలో జవాబు -330. అంటే భాష మనకి సరైన సమాచారమే ఇచ్చింది. దాన్ని 60తో భాగించి గంటలు చేసేటప్పుడే తేడా కొడుతుంది:

```js
const off = new Date().getTimezoneOffset(); // -330
Math.trunc(off / 60);  // -5
Math.floor(off / 60);  // -6
```

చూశారా? ఒకరు trunc వాడితే మనం ఐదు గంటల దేశం. ఇంకొకరు floor వాడితే ఆరు గంటల దేశం. రెండూ తప్పే, కానీ తప్పు పడే వైపు వేరు. ఆ తేడా ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చూద్దాం.

గిద్దలూరులో డిగ్రీ అయిపోయిన ఒక అమ్మాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందనుకోండి. టైమ్ సాయంత్రం ఐదున్నర. కంపెనీ సిస్టమ్ దాన్ని యూటీసీలోకి మార్చి మధ్యాహ్నం 12:00 అని దాచింది. ఇంతవరకు కరెక్ట్. ఇప్పుడు అమ్మాయి ఫోన్లో ఉన్న క్యాలెండర్ యాప్ ఆ పన్నెండుని తిరిగి మన టైమ్‌లోకి మార్చాలి. యాప్ ఐదు కలిపితే 5:00 అని చూపిస్తుంది. అమ్మాయి అరగంట ముందు లాగిన్ అవుతుంది, అవతల ఎవరూ ఉండరు. కాసేపు చూసి క్యాన్సిల్ అయిందేమో అనుకుని వెళ్లిపోయే ప్రమాదం ఉంది. యాప్ ఆరు కలిపితే 6:00 అని చూపిస్తుంది. ఆమె వచ్చేసరికి అరగంట గడిచిపోయింది, "అభ్యర్థి హాజరు కాలేదు" అని రాసేసి ఉంటారు. ఫోన్ గడియారం కరెక్టే, కంపెనీ కరెక్టే, అమ్మాయి కరెక్టే. మధ్యలో ఒక్క భాగహారం తప్పు.

మరి టెస్టింగ్‌లో దొరకదా అంటే, ఇక్కడే అసలు మోసం. యాప్ దాచేటప్పుడు ఐదు తీసేసి, చూపించేటప్పుడు అదే ఐదు కలిపితే తప్పు తనంతట తానే మాయమైపోతుంది. 5:30 టైప్ చేశారు, ఐదు తీస్తే 12:30 అని తప్పుగా నిల్వ అయింది. మళ్లీ ఐదు కలిపితే 5:30. స్క్రీన్ మీద అంతా చక్కగా ఉంది! అదే 12:30ని వేరే యాప్ చదివినప్పుడే అది ఆరు గంటలుగా బయటపడుతుంది. కాబట్టి ఇలాంటి తప్పుని ఒకే యాప్‌లో చూసి పట్టుకోలేం. ఒక చోట దాచి, ఇంకో సిస్టమ్‌లో తెరిచి చూడాలి. డెవలపర్ పూర్ణ గంట దేశంలో ఉంటే అతనికి అదీ కనబడదు. టెస్ట్‌లో కోల్‌కతా, ఖాట్మండు రెండూ ఉండాల్సిందే. ఎందుకంటే కొందరు అరగంట వరకే ఆలోచించి ఆగిపోతారు, ముప్పావు గంట దగ్గర మళ్లీ బోల్తా పడతారు.

అర్ధరాత్రి టీ కొట్టు లెక్క

రెండో తప్పు ఇంకాస్త లోతైనది. ఇందులో భాగహారం కరెక్ట్‌గా చేసినా లాభం ఉండదు.

చాలా సిస్టమ్‌లు ప్రతి లావాదేవీనీ విడిగా ఉంచుకోవు. జాగా ఆదా కోసం గంటకొకసారి మొత్తం కట్టి పక్కన పెట్టేస్తాయి. 17 గంటల డబ్బా, 18 గంటల డబ్బా, అలా, యూటీసీ లెక్కలో. తర్వాత ఏ దేశం వాళ్లకి రోజు మొత్తం కావాలన్నా 24 డబ్బాలు కలిపి ఇస్తాయి.

దుబాయ్‌లో అర్ధరాత్రి అంటే యూటీసీ 20:00. సరిగ్గా డబ్బా మొదలయ్యే చోటే. వాళ్లకి సమస్య లేదు. మనకి అర్ధరాత్రి అంటే యూటీసీ 18:30. డబ్బా నడి మధ్యలో!

మార్కాపురం బస్టాండ్ దగ్గర రాత్రంతా తెరిచి ఉండే ఒక టీ కొట్టు అనుకుందాం. 14వ తారీఖు రాత్రి 11:30 నుంచి 12 లోపు క్యూఆర్ కోడ్ మీద 600 రూపాయలు వచ్చాయి. 12 దాటాక, అంటే 15వ తారీఖు మొదటి అరగంటలో, 900 వచ్చాయి. యూటీసీలో ఈ రెండూ 18:00, 19:00 మధ్యే పడతాయి. డబ్బాలో మిగిలేది 1500 అనే ఒక్క అంకె. ఇందులో నిన్నటిది ఎంత, ఇవాళ్టిది ఎంత అంటే ఆ డబ్బాని చూసి ఎవరూ చెప్పలేరు. మొత్తం 14కి వేస్తే ఆ రోజు 900 ఎక్కువ. 15కి వేస్తే ఆ రోజు 600 తక్కువ కాదు, ఎక్కువే అవుతుంది, 14న 600 తగ్గుతుంది. సగం సగం చేస్తే 750, 750. అదీ అబద్ధమే. కొట్టాయన పుస్తకానికీ యాప్ రిపోర్టుకీ రోజూ చిన్న చిన్న తేడాలు వస్తూనే ఉంటాయి. నెల మొత్తానికి చూస్తే మాత్రం దాదాపు సరిపోతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. నెలాఖరు రాత్రి, మార్చి 31 రాత్రి మాత్రం ఆ అరగంట ఒక నెలనీ, ఒక ఆర్థిక సంవత్సరాన్నీ దాటించేస్తుంది.

దీనికి మందు ముందే వేసుకోవాలి. విడి లావాదేవీలను ఉంచుకోవాలి, లేదా డబ్బాలను 15 నిమిషాలకు ఒకటి కట్టాలి. ఇప్పుడు ప్రపంచంలో వాడుకలో ఉన్న టైమ్ జోన్లన్నీ పావుగంట లెక్కలోనే ఉన్నాయి కాబట్టి 15 నిమిషాల డబ్బాలు అందరికీ సరిపోతాయి. గంట డబ్బాలు కట్టేసి అసలు లెక్క చెరిపేస్తే మాత్రం తర్వాత ఎంత మంచి కోడ్ రాసినా దాన్ని విడదీయలేం.

కలకత్తా పాత గడియారం మళ్లీ మోగడం

మూడోది నాకు బాగా ఇష్టమైనది, ఎందుకంటే ఇందులో చరిత్రే నేరుగా వచ్చి తప్పు చేయిస్తుంది.

ప్రపంచంలోని టైమ్ జోన్ల చరిత్ర అంతా ఒక ఉచిత డేటాబేస్‌లో ఉంది. దాన్ని 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టారు. ఆండ్రాయిడ్, ఐఫోన్, లినక్స్ అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. అందులో ఒక్కో జోన్‌కి ఒక పెద్ద నగరం పేరు పెడతారు. మన జోన్ పేరు `Asia/Kolkata`. మార్కాపురంలో కొన్న ఫోన్లో కూడా ఇదే. అందులో మన చరిత్ర ఇలా రాసి ఉంటుంది, కొన్ని వరుసలు చూడండి:

```
5:53:28  LMT  1854 Jun 28
5:53:20  HMT  1870
5:21:10  MMT  1906 Jan 1
5:30     IST  1941 Oct
```

మొదటి వరుస కలకత్తా స్థానిక సమయం. మూడోది మద్రాసు టైమ్. 1906 నుంచి ఐదున్నర. మనం ఇంతసేపూ చెప్పుకున్న కథే నాలుగు వరుసల్లో ఉంది.

పైథాన్‌లో `pytz` అనే పాత లైబ్రరీ ఉంది. దాన్ని చాలామంది ఇలా వాడేస్తారు:

```python
datetime(2024, 1, 1, 10, 0,
         tzinfo=pytz.timezone('Asia/Kolkata'))
# 2024-01-01 10:00:00+05:53
```

ఐదున్నర రావాల్సిన చోట 5:53! తేదీ ఏంటో చూడకుండా జాబితాలో మొదటి వరుసని తీసేసుకుంది. 2024 నాటి మీటింగ్‌కి 1854కి ముందున్న కలకత్తా గడియారం కట్టేసింది. ఉదయం పది గంటల మీటింగ్ యూటీసీలో 04:30 అవ్వాల్సింది 04:07 అవుతుంది, వేరే వాళ్ల ఫోన్లో 9:37 అని కనబడుతుంది. ఆ లైబ్రరీలో `localize` అనే పద్ధతి వాడితే సరైన వరుస ఎంచుకుంటుంది. పైథాన్ 3.9 నుంచి వచ్చిన `zoneinfo`లో ఈ తలనొప్పే లేదు.

అలా అని "ఆ పాత వరుసలు తీసిపారేస్తే పోలా, ఇండియా అంటే 330 అని రాసేస్తే చాలదా" అంటారేమో. చాలదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 వరకు దేశమంతా గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. అప్పుడు మనం +06:30. 1943లో మార్కాపురంలో పుట్టిన ఒక అవ్వ పుట్టిన టైమ్ "పొద్దున ఆరు" అని గడియారం చూసి రాసిపెట్టారనుకోండి. ఊరి సూర్యుడి లెక్కలో అది 4:47. యుద్ధం గంట తెలియని జాతకం యాప్ 5:47 అనుకుంటుంది. గంట తేడా అంటే లగ్నమే మారిపోవచ్చు. జాతకాలు నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, కానీ లెక్క మాత్రం తప్పే.

తేడా చూసి జబ్బు చెప్పొచ్చు

చివరిగా మీకు పనికొచ్చే చిట్కా ఒకటి. ఏదైనా యాప్‌లో టైమ్ తప్పుగా కనిపిస్తే ఎంత తేడా ఉందో కొలవండి. తేడాయే కారణం చెప్పేస్తుంది.

సరిగ్గా అరగంట తేడా ఉంటే ఎవరో పూర్ణ గంటలకు కుదించారు. 23 నిమిషాలు ఉంటే కలకత్తా పాత గడియారం దూరింది. ఐదున్నర గంటలు ఉంటే యూటీసీని మార్చకుండా అలాగే చూపించేస్తున్నారు. 11 గంటలు ఉంటే, అంటే ఐదున్నరకి రెట్టింపు, కలపాల్సిన చోట తీసేశారు, గుర్తు తిరగబడింది. నేపాల్‌తో మాట్లాడేటప్పుడు పావుగంట తేడా వస్తే, అక్కడ 45ని 30 చేశారో, ఆరుకి రౌండ్ చేశారో చూడాలి.

కంప్లయింట్ పెట్టేటప్పుడు "టైమ్ తప్పు చూపిస్తోంది" అని రాస్తే అవతలివాళ్లు "మీ ఫోన్ సెట్టింగ్స్ చూసుకోండి" అంటారు. "12:00 యూటీసీని 17:30 బదులు 17:00 చూపిస్తోంది, నా జోన్ `Asia/Kolkata`" అని రాయండి. చదివిన డెవలపర్‌కి ఏ లైను వెతకాలో అప్పుడే తెలిసిపోతుంది. ఆ లైనులో ఎక్కడో ఒక 60తో భాగహారం ఉంటుంది.

ఇవాళ్టికి ఇంతే అండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.